విజిటింగ్ కార్డు ఫొటో తీసి తెలుగులోకి మారిస్తే హోదాలు నవ్వొచ్చేలా వస్తున్నాయి, ఫోన్ నంబర్లు కూడా చెడిపోతున్నాయి. ఏం చేయాలి?

ఫొటో మొత్తాన్ని ఒకేసారి ట్రాన్స్‌లేషన్ యాప్‌కి ఇవ్వకండి. క్రాప్ చేసి రెండు ముక్కలు చేయండి. పేరు, హోదా, అడ్రసు ఉన్న ముక్కనే అనువదించాలి. ఫోన్లు, ఈమెయిల్ ఉన్న ముక్క నుంచి అక్షరాలు కాపీ చేసుకుంటే చాలు, అక్కడ తెలుగుతో పనే లేదు.

విశాఖ పోర్టు చుట్టుపక్కల దొరికే కార్డే తీసుకుందాం. పేరు ముందు కెప్టెన్, కింద మాస్టర్ మెరైనర్, ఆ కింద డైరెక్టర్, మెరైన్ సర్వేయర్ అని ఉంటాయి. యాప్‌కి వదిలేస్తే డైరెక్టర్ కాస్తా సినిమా దర్శకుడు అయిపోవచ్చు. అలాంటి మాటల్ని తెలుగు లిపిలో డైరెక్టర్ అనే ఉంచేయండి, వైజాగ్‌లో ఎవరూ ఇంకోలా పిలవరు. సర్వేయర్ అని ఊరుకుంటే మాత్రం పొలం కొలిచేవాడనుకుంటారు, అందుకే ‘ఓడలు, సరుకు తనిఖీ చేసే మెరైన్ సర్వేయర్’ అని రాయాలి. మాస్టర్ మెరైనర్ ఉద్యోగం కాదు, ఓడకి కెప్టెన్‌గా వెళ్లడానికి కావలసిన అర్హత. దాన్ని హోదాలో కలపకుండా పేరు పక్కన పెట్టండి. పేరు తర్వాత ఐఎన్, రిటైర్డ్ అని ఉంటే ఆయన నేవీ కెప్టెన్. ఆ ఐఎన్‌ని యాప్ ‘ఇన్’ అని చదివి ‘లో’ అని మార్చేస్తే ఆశ్చర్యపోకండి.

ఇక నంబర్లు. మొబైల్ అంటే పది అంకెలు. వైజాగ్ ల్యాండ్‌లైన్ అయితే 0891 తర్వాత ఏడు. చాలా కార్డుల్లో ఇలా ఉంటుంది:

```
0891-2xxxx56 / 57
```

అంటే రెండు లైన్లు, రెండోదానికి చివరి రెండంకెలే వేరు. మధ్యలో ఉన్న ఏటవాలు గీత ఎగిరిపోతే 0891 తర్వాత తొమ్మిదంకెల వింత నంబరు తయారవుతుంది, లెక్కపెడితే వెంటనే దొరికిపోతుంది. `+91 (0)891` అని ఉంటే ఆ సున్నాని ముట్టుకోవద్దు. విదేశం నుంచి చేసేవాళ్లు దాన్ని వదిలేస్తారు, ఇక్కడివాళ్లు కొడతారు. ఎఫ్ అని ఉన్నది ఫ్యాక్స్, దాన్ని ఫోన్ కింద సేవ్ చేయకండి.

ఈమెయిల్‌లో `rn` చూడ్డానికి `m`లా, `l` చూడ్డానికి `1`లా ఉంటాయి. కింద గీత గీసి ప్రింట్ చేస్తే అండర్‌స్కోర్ అందులో కలిసిపోయి కనబడదు. ఈ గీతల ఫ్యాషన్ ఎవడు కనిపెట్టాడో గానీ! కార్డు మీద వెబ్‌సైట్ కూడా ఉంటే `@` తర్వాతి భాగాన్ని దానితో పోల్చండి, కంపెనీ మెయిలైతే సాధారణంగా రెండూ ఒకటే. `@` ముందు భాగానికి అలాంటి సాయం లేదు, ఫొటోని జూమ్ చేసి ఒక్కో అక్షరం సరిచూసుకోవాల్సిందే. మెరిసే కార్డయితే ట్యూబ్‌లైట్ కింద కాకుండా కిటికీ పక్కన పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయండి.