ఉద్యోగం మానేసి 70 రోజులైంది, ఫుల్ అండ్ ఫైనల్ ఇంకా రాలేదు. రాతపూర్వకంగా ఎలా అడగాలి?

"హైదరాబాద్‌లో ప్రైవేట్ కంపెనీలో ఐదేళ్లకు పైగా చేసి మానేశాను. లాస్ట్ వర్కింగ్ డే అయి 70 రోజులు. హెచ్‌ఆర్‌ను అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటారు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఎంత రావాలో కూడా చెప్పలేదు. గొడవ పెట్టుకోకుండా గట్టిగా ఎలా అడగాలి? ఎన్ని రోజులు గడువు ఇవ్వాలి?"

ఈ ఏడాది మొదట్లో నాదీ ఇదే పరిస్థితి. నేను కూడా మొదటి పది రోజులు "ప్లీజ్ క్లియర్ మై ఎఫ్ అండ్ ఎఫ్" అని వాట్సాప్‌లో పెడుతూ కూర్చున్నాను. దానికి "నోటెడ్" అని తప్ప వేరే జవాబు రాదు. ఎంత రావాలో మనమే చెప్పకపోతే వాళ్లు దేనికి జవాబు చెప్పాలి? లెక్క కట్టి, ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ తేదీకి కావాలో రాసి మెయిల్ పంపాకే పని కదిలింది. కాబట్టి నా లెక్కే చూపిస్తాను, మీ అంకెలు పెట్టుకోండి.

నేను చేరింది 2020 జూన్ 15న. 2025 డిసెంబరు 4న రాజీనామా ఇచ్చాను. చివరి రోజు 2026 జనవరి 23, శుక్రవారం. నోటీస్ 60 రోజులు, చేసింది 50. గ్రాస్ నెలకు 60,000, అందులో బేసిక్ 30,000. రాజీనామా ఇచ్చాక చాలా కంపెనీలు చేసే పనే మావాళ్లూ చేశారు, డిసెంబరు జీతం ఆపేశారు.

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాను. అందులో బాకీల పట్టిక ఇది, అన్నీ పీఎఫ్, టాక్స్ కోతకు ముందు:

డిసెంబరు జీతం, ఆపినది: 60,000
జనవరి 23 రోజుల జీతం, 60,000 ÷ 31 × 23: 44,516
మిగిలిన సెలవులు 14, లీవ్ పాలసీ ప్రకారం బేసిక్ ÷ 30 చొప్పున రోజుకు 1,000: 14,000
పెండింగ్ ఇంటర్నెట్, ప్రయాణ బిల్లులు: 3,240
నోటీస్ తక్కువైన 10 రోజులకు కోత, అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం బేసిక్ మీద: మైనస్ 10,000
గ్రాట్యుటీ, 30,000 × 15 ÷ 26 × 6: 1,03,846

గ్రాట్యుటీ కాకుండా 1,11,756. దానితో కలిపితే 2,15,602.

కోతను కూడా నేనే రాశానని గమనించండి. "మీకు రావాల్సింది ఇంత, నాకు రావాల్సింది ఇంత" అని మనమే రాస్తే అవతల ఫైనాన్స్‌లో చూసేవాళ్లకు ఇది లెక్కగా కనిపిస్తుంది. లేకపోతే ఇదీ ఇంకో కంప్లయింట్‌లానే కనిపిస్తుంది. పైగా కోత ఎంతో వాళ్ల నోటి నుంచి మొదట వస్తే ఎలా ఉంటుందో కింద చెప్తాను.

గడువుల సంగతి. అందరూ "45 రోజులు" అంటారు, అది కంపెనీలు పెట్టుకున్న అలవాటు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో సెక్షన్ 17(2) చూడండి. తీసేసినా, మనమే రాజీనామా చేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పాత వేతన చెల్లింపు చట్టం నెలకు 24,000 లోపు జీతాల వాళ్లకే వర్తించేది, ఇప్పుడు ఆ గీత లేదు. నా విషయంలో శని, ఆదివారాలు పోయి, సోమవారం రిపబ్లిక్ డే సెలవు పోయి, జనవరి 28తో ఆ రెండు రోజులూ అయిపోయాయి. గ్రాట్యుటీకి గడువు వేరు, అది 30 రోజులు, నాకు ఫిబ్రవరి 22. ఈ రెండింటినీ ఒకే తేదీలో కలిపేస్తే "గ్రాట్యుటీ టైమ్ ఇంకా ఉంది కదా, అన్నీ కలిపి ఇస్తాం" అని జీతం కూడా ఆపుతారు. అందుకే విడివిడిగా అడిగాను.

ఫిబ్రవరి 2న మెయిల్ పంపాను. చట్టం చెప్పిన తేదీ అప్పటికే దాటిపోయింది. అయినా "రెండు రోజుల గడువు జనవరి 28తో ముగిసింది, అయినా మీ లెక్కకు సమయం ఇస్తూ ఫిబ్రవరి 9 వరకు ఆగుతాను, గ్రాట్యుటీ ఫిబ్రవరి 22లోపు ఇవ్వండి" అని రాశాను. వారం ఇవ్వడం మెతకతనం అని మా బావగారు అన్నారు. నాకు అలా అనిపించలేదు. రేపు లేబర్ ఆఫీసులో ఈ మెయిల్ చూపిస్తే, తొందరపడి బెదిరించానని ఎవరూ అనలేరు. "వెంటనే", "ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా" లాంటి మాటలు మాత్రం వద్దు. తేదీ లేని గడువు గడువే కాదు.

ఇంకో రెండు వాక్యాలు అందులో పెట్టాను, అవే ఎక్కువ పని చేశాయనుకుంటాను. ఒకటి, పై పట్టికలో ఏ అంకెతో మీరు ఏకీభవించకపోతే ఆ అంకె, దానికి ఆధారమైన పాలసీ పేజీ చూపించండి. రెండోది, ఒక వరుస మీద వివాదం ఉంటే దాన్ని పక్కన పెట్టి, వివాదం లేని మొత్తం గడువులోపు వేయండి. నాకు వేరియబుల్ పే కూడా కొంత రావాలి, కానీ దాని షరతులు స్పష్టంగా లేవు. అందుకని దాన్ని ఈ పట్టికలోకి తేకుండా వేరే మెయిల్‌లో అడిగాను. తగాదా ఉన్న అంకె ఒక్కటి కలిపితే మొత్తం ఫైలు దాని పేరు చెప్పి ఆగిపోతుంది. రిలీవింగ్ లెటర్‌ను కూడా డబ్బుతో ముడిపెట్టకుండా విడి వాక్యంలో, విడి తేదీతో అడగండి.

5న జవాబు వచ్చింది: "కంపెనీ పాలసీ ప్రకారం 45 రోజులు". నేను వాదించలేదు. కంపెనీ పాలసీ సెక్షన్ 17(2) గడువును మార్చలేదని ఒక్క వాక్యం రాసి, 10న అదే మెయిల్ గొలుసు మీద హెచ్‌ఆర్ హెడ్‌నీ ఫైనాన్స్ హెడ్‌నీ కలిపి, ఫిబ్రవరి 17 అని కొత్త తేదీ ఇచ్చాను. 12న సెటిల్‌మెంట్ షీట్ వచ్చింది, మొత్తం 1,79,694. నా లెక్కకు 35,908 తక్కువ.

ఈ తేడా ఎక్కడుందో చూడటం కాస్త సరదాగానే అనిపించింది. గ్రాట్యుటీ దగ్గర 86,538 ఉంది. ఏడాదికి రావాల్సింది 17,308, దానితో భాగిస్తే ఐదు వచ్చింది. అంటే ఆరేళ్లకు బదులు ఐదేళ్లే వేశారు. ఐదేళ్లు నిండాక మిగిలిన ముక్క ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క, నాది ఐదేళ్ల ఏడు నెలలు. సెలవులు 14కి బదులు 9 వేశారు. చివరి రోజుకు ముందే పోర్టల్‌లో బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ తీసి నా సొంత మెయిల్‌కు పంపుకున్నాను కాబట్టి అది ఒక్క అటాచ్‌మెంట్‌తో తేలిపోయింది. మీకు యాక్సెస్ పోయి ఉంటే పాత పేస్లిప్పుల్లో లీవ్ బ్యాలెన్స్ ఉందేమో చూడండి.

అసలైనది నోటీస్ కోత. గ్రాస్ మీద 20,000 వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600 కలిపి 23,600 కోసేశారు! నోటీస్ కోత మీద జీఎస్టీ లేదని పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న 178/10/2022 నంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. ఆ నంబరు రాశాను, అంతే. గ్రాస్ లేదా బేసిక్ అన్నది మాత్రం మీ అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఆధారపడుతుంది. నా లెటర్‌లో "బేసిక్" అని ఉంది కాబట్టి గెలిచాను. మీ లెటర్‌లో "గ్రాస్" అని ఉంటే ఆ 20,000 సరైనదే, దాని మీద పోట్లాడకండి.

షీటుతో పాటు "నాకు ఇంకేమీ రావాల్సింది లేదు" అని సంతకం పెట్టమని ఒక కాగితం కూడా వచ్చింది, డబ్బు పడకముందే. నేను సంతకం పెట్టలేదు. అంగీకరించిన వరుసలు, అంగీకరించని మూడు వరుసలు వేరుగా రాసి, "వివాదం లేనిది జమ చేయండి, దాన్ని తీసుకోవడం మిగతాది వదులుకున్నట్టు కాదు" అని జవాబిచ్చాను.

ఫిబ్రవరి 19న జీతాల భాగం పడింది, కోత 10,000గా సరిచేసి, సెలవులు 14గా. బిల్లుల 3,240 మాత్రం పోయింది. నెలలోపు సమర్పించాలని పాలసీలో ఉంది, నేను చూసుకోలేదు. తప్పు నాదే. గ్రాట్యుటీ ఆరేళ్ల లెక్కతో 27న వచ్చింది. ఐదు రోజుల ఆలస్యానికి వడ్డీ అడిగే హక్కు ఉంది, వందల్లో అయ్యే దానికి ఇంకో మెయిల్ గొలుసు ఎందుకని వదిలేశాను. మీకు నెలలు దాటుతోంది కాబట్టి మీరు అడగండి.

17న కూడా జవాబు రాకపోతే పంపడానికి ఒక ఉత్తరం సిద్ధంగా పెట్టుకున్నాను. అవే పట్టిక, అవే తేదీలు, పాత మెయిల్స్ ప్రింట్లు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, స్పీడ్ పోస్ట్‌లో, డెలివరీ రుజువుతో. (రిజిస్టర్డ్ పోస్ట్ 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది, కౌంటర్‌లో పాత పేరు చెప్తే కాస్త గందరగోళం అవుతుంది.) మనం పనిచేసిన బ్రాంచి చిరునామా వేరు, రిజిస్టర్డ్ ఆఫీసు వేరు కావచ్చు. `mca.gov.in`లో కంపెనీ పేరుతో వెతికితే ఆ చిరునామా దొరుకుతుంది. ఉత్తరం తర్వాత మెట్టు కార్మిక శాఖలో ఫిర్యాదు. వేతనాల కోడ్ కింద క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల సమయం ఉంది, కాబట్టి 70 రోజులకే చేయి దాటిపోయిందని కంగారు పడకండి.

పీఎఫ్‌ను ఈ పట్టికలో వేయకండి. ఆ డబ్బు కంపెనీ దగ్గర ఉండదు. మీకు కావాల్సింది వాళ్లు వేయాల్సిన నిష్క్రమణ తేదీ మాత్రమే. అది వేయకపోతే చివరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలకు ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

మీ విషయంలో 70 రోజులు అంటే జీతం గడువూ, గ్రాట్యుటీ గడువూ రెండూ దాటిపోయాయి. అందుకని రెండు తేదీలు అక్కర్లేదు, మొత్తం పట్టికకు ఏడు రోజుల తేదీ ఒకటే ఇవ్వండి. మీ బేసిక్, చేరిన తేదీ, చివరి తేదీ, మిగిలిన సెలవులు, నోటీస్ ఎన్ని రోజులు తక్కువైందో కింద పెడితే గ్రాట్యుటీ, కోత లెక్క నేను చూసి చెప్తాను. కంపెనీ పేరు మాత్రం పెట్టకండి.