టెక్ సందేహాలు: డిగ్రీ సర్టిఫికెట్ మీది ముద్రలు అరబిక్‌లోకి ఎలా వెళ్లాలి?

"సార్, మాది కడప. కువైట్ ఉద్యోగానికి నా బీకాం సర్టిఫికెట్‌కు అరబిక్ అనువాదం అడుగుతున్నారు. స్కాన్ చేసి ఆన్‌లైన్ ట్రాన్స్‌లేటర్‌లో పెడితే మ్యాటర్ వచ్చింది గానీ సీళ్లు, సంతకాలు ఎగిరిపోయాయి. పక్కన పెన్నుతో రాసింది కూడా రాలేదు. ఆ ముద్రల బొమ్మలు కత్తిరించి అనువాదంలో అతికించవచ్చా?"

అతికించకండి. అనువాదం మీద యూనివర్సిటీ సీలు బొమ్మ కనిపిస్తే, ఆ కాగితాన్ని యూనివర్సిటీయే ఇచ్చిందన్న అర్థం వస్తుంది. చూసే అధికారికి అది ఫోర్జరీలా అనిపిస్తే తప్పు ఆయనది కాదు. ముద్ర ఉన్న చోట ముద్ర ఉందని, దాని మీద ఏం రాసుందో చెబుతూ చదరపు బ్రాకెట్లలో అరబిక్‌లో రాయాలి. ఒక్క ముద్ర కూడా వదలకూడదు.

ముందు ఒక మాట. అటెస్టేషన్ అంతా పూర్తయ్యాకే అనువాదం మొదలుపెట్టండి. ఒకే ధ్రువీకరణ ముద్రను సభ్య దేశాలన్నీ ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో కువైట్ లేదు. కాబట్టి మీ సర్టిఫికెట్ రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, కువైట్ ఎంబసీ దాటుకుని వెళ్లాలి. ప్రతిచోటా వెనక వైపు ఒక ముద్ర పడుతుంది. ఈరోజే అనువాదం చేయిస్తే రేపు పడే ముద్రలు అందులో ఉండవు, మళ్లీ డబ్బు పెట్టి చేయించుకోవాల్సి వస్తుంది. ఇంకొకటి, ఇంట్లో చేసుకున్న అనువాదానికి అధికారిక విలువ ఉండదు. దాని మీద లైసెన్సున్న అనువాద కార్యాలయం ముద్ర పడాలి. అయినా చిత్తుప్రతి మీరే తయారు చేసుకుంటే, వాళ్లు ఏం వదిలేశారో ఇట్టే పట్టుకోగలరు.

ఇక స్కాన్ సంగతి. మామూలు అక్షరాలకు 300 డీపీఐ చాలు, కానీ ముద్రలున్న కాగితాన్ని 600లో, రంగుల్లో, రెండు వైపులా స్కాన్ చేయండి. ఫోన్ స్కానర్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా చూపించడానికి నలుపు-తెలుపు ఫిల్టర్ వేస్తాయి. లేత ఊదా స్టాంపులు మొదట మాయమయ్యేది అక్కడే, దాన్ని ఆపేయండి. కాగితాన్ని నొక్కి వేసిన ఉబ్బెత్తు ముద్ర స్కానర్‌లో దాదాపు పడదు. గదిలో లైటు తగ్గించి, టార్చిని కాగితానికి ఆనించినట్టు పక్క నుంచి వేసి ఫొటో తీస్తే నీడల్లో అక్షరాలు లేస్తాయి. ఆ ఫొటో మీరు చదువుకోవడానికే.

ఎక్కువ మంది తడబడేది పేరు మీదో తేదీ మీదో స్టాంపు పడినప్పుడు. రెండూ కలిసిపోయి సాఫ్ట్‌వేర్ ఏదీ చదవలేదు. దీనికి స్కాన్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పొరలను, అంటే చానెళ్లను, విడదీయడమే మందు. నీలం సిరా బ్లూ చానెల్‌లో పలచబడుతుంది, కాబట్టి కింద నల్లటి అక్షరాలు తేటగా కనిపిస్తాయి. రెడ్ చానెల్‌లో అదే సిరా నల్లబడుతుంది, కాబట్టి స్టాంపును అక్కడ చదవచ్చు. ఊదా రంగు స్టాంపు చదవాలంటే గ్రీన్ చానెల్ చూడండి. ఉచితంగా దొరికే ఇమేజ్‌మ్యాజిక్ సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, నీలం సిరాకు కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ రెండు వరుసలు చాలు:

```
magick scan.png -channel B -separate text.png
magick scan.png -channel R -separate seal.png
```

ఇంత చేసినా సగమే కనిపిస్తే సగమే రాయండి. "ఆ ఆఫీసు ముద్రే అయ్యుంటుంది" అని ఊహించి నింపితే అది అనువాదం కాదు. పాక్షికంగా చదవగలిగితే ఆ సంగతే రాయాలి. నేనైతే ఈ నాలుగు రకాలకు ఇలా రాస్తాను:

```
[ختم دائري أزرق: «...»]
[ختم بارز، مقروء جزئيًا: «...»]
[توقيع غير مقروء]
[ملاحظة بخط اليد في الهامش الأيسر من الأصل: «...»]
```

వరుసగా ఇవి నీలం గుండ్రటి ముద్ర, పాక్షికంగా చదవగలిగే ఉబ్బెత్తు ముద్ర, చదవలేని సంతకం, మూల ప్రతి ఎడమ మార్జిన్‌లో చేతిరాత. చుక్కలున్న చోట ముద్ర మీది మాటల అరబిక్ అనువాదం వస్తుంది. సంతకం కింద పేరు, హోదా అచ్చై ఉంటే వాటిని విడిగా అనువదించండి. గీతల్లో పేరు కనిపించినట్టు అనిపించినా సంతకాన్ని పేరుగా మార్చి రాయొద్దు.

చివరి వరుసలో 'మూల ప్రతి' అని ఎందుకంటే, అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అనువాదంలో కాగితం అమరికే తిరగబడుతుంది. ఉత్త 'ఎడమ మార్జిన్' అంటే ఏ కాగితం ఎడమ అన్న అనుమానం వస్తుంది.

మార్జిన్ రాతల్లో అన్నిటికన్నా విలువైనది దిద్దుబాటు. ఒక ఉదాహరణ చూద్దాం. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ కొట్టేసి సరిచేసి, పక్కన ఆకుపచ్చ సిరాతో 'నేమ్ కరెక్టెడ్ యాజ్ పర్ ఎస్‌ఎస్‌సీ రిజిస్టర్' అని రాసి పొడి సంతకం పెట్టారనుకోండి. అది వదిలేస్తే అనువాదంలో సరిచేసిన పేరు మాత్రమే ఉంటుంది, అసలు కాగితం మీద మాత్రం కొట్టివేత కనిపిస్తుంది. ఎవరో తర్వాత దిద్దారన్న అనుమానం అక్కడే పుడుతుంది. అందుకని ఇలా:

```
[ملاحظة بخط اليد بحبر أخضر: «صُحِّح الاسم وفقًا لسجل الصف العاشر (SSC)»] [توقيع مختصر]
```

ఎస్‌ఎస్‌సీని 'సానవియ్య' అనొద్దు, గల్ఫ్‌లో దాని అర్థం పన్నెండో తరగతి. పదో తరగతి అనే రాయాలి. పేరు విషయంలో కూడా జాగ్రత్త. అరబిక్‌లో ప అనే అక్షరం లేదు, ట, డ, చలు కూడా సర్దుకోవాల్సినవే. పెంచలయ్య అన్న పేరును ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. ఇదివరకే కువైట్ సివిల్ ఐడీ గానీ వీసా గానీ ఉంటే అందులోని అరబిక్ స్పెల్లింగ్‌నే వాడండి, పక్కన పాస్‌పోర్ట్‌లోని ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా ఉంచండి.

ఇంకొక చిక్కు టైపింగ్‌ది. అరబిక్ మాట తర్వాత 12-06-2014 అని టైపు చేస్తే తెర మీద 2014-06-12 అని కనిపించవచ్చు. అడ్డగీతకు అటూ ఇటూ ఉన్న అంకెలను అరబిక్ వరుస తారుమారు చేసేస్తుంది. తేదీకి మాత్రం నెలను మాటల్లో రాయండి, 12 يونيو 2014 అంటే రోజేదో నెలేదో తికమక ఉండదు. అడ్డగీతలున్న హాల్ టికెట్ నంబర్‌ను వర్డ్‌లో పట్టికలో విడి గడిలో పెట్టి, ఎడమ Ctrl + Shift నొక్కి ఆ గడిని ఎడమ నుంచి కుడికి మార్చండి. బ్రాకెట్లు మాత్రం అరబిక్‌లో వాటంతటవే తిరుగుతాయి. తిరిగినట్టు కనిపించాయని మీరు సరిచేస్తే నిజంగానే తప్పవుతాయి.

అనువాద కార్యాలయానికి ఇచ్చే ముందు, వాళ్ల నుంచి తీసుకున్నాక, రెండుసార్లూ ఒకటే పని చేయండి. అసలు సర్టిఫికెట్ ముందూ వెనకా ఉన్న ప్రతి ముద్రకూ, సంతకానికీ, చేతిరాతకూ పెన్సిల్‌తో జెరాక్స్ మీద నంబర్ వేయండి. అనువాదంలో బ్రాకెట్లు లెక్కపెట్టండి. రెండు లెక్కలూ సరిపోకపోతే వెనక వైపు చూడండి, ఎక్కువగా తప్పిపోయేది అక్కడి ఎంబసీ స్టాంపే.