సీసీ లిమిట్ మీ డబ్బు కాదు

ప్రశ్న: సార్, నాకు 41 ఏళ్లు. కళ్యాణదుర్గంలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. ఏడాదికి కోటీ 20 లక్షల అమ్మకం. కొన్నదాని మీద నూటికి 11 రూపాయలు వేసుకుని అమ్ముతాను. ఇంటికి నెలకు 40 వేలు అవుతుంది. గోడౌన్ కోసం 15 లక్షలకు ఒక సైటు చూసి 50 వేలు అడ్వాన్సు ఇచ్చాను. సరుకు, అరువు చూసి బ్యాంకువాళ్లు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ అప్పు, అదే సీసీ, 20 లక్షలుంది, దాన్ని 25 లక్షలు చేస్తామన్నారు. మిగతా 10 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. కరెంట్ రేషియో 1.5 పైనే ఉంది, భయం లేదని ఆడిటర్ అంటున్నాడు. మార్జిన్, రేషియో, లివరేజ్ ఇవేవీ నాకు తలకెక్కడం లేదు. చేతిలో దాచిన డబ్బు పెద్దగా లేదు కానీ అవసరమొస్తే సీసీ ఉంది కదా. సైటు కొనొచ్చా? బ్యాలెన్స్ షీట్ పంపుతున్నాను.

జవాబు: కొనొద్దు.

మీ ఒక్కరి సంగతే అయితే ఫోన్‌లో చెప్పి ఊరుకునేవాణ్ని. నా దగ్గరకు వచ్చే అంగళ్లవాళ్లలో చాలామంది మీ చివరి మాటే అంటారు: అవసరమొస్తే సీసీ ఉంది కదా అని. ఆ మాట ఎందుకు తప్పో మీ బ్యాలెన్స్ షీట్‌లోనే ఉంది. మీకు తలకెక్కని మూడు మాటలూ అర్థమైతే అది మీకే కనబడుతుంది.

ముందు మార్జిన్. వంద పెట్టి కొన్న సరుకును 111కి అమ్మితే మీకు మిగిలింది 11. కానీ మార్జిన్‌ను కొన్న ధర మీద చూడరు, అమ్మిన ధర మీద చూస్తారు. అలా చూస్తే మీది నూటికి సుమారు 10. ఒక్క రూపాయే కదా తేడా అనుకోవద్దు, ఏడాది మొత్తానికి మీరు మనసులో వేసుకున్న లాభం 13 లక్షల పైన, నిజంగా వచ్చింది 12 లక్షలు. అందులోంచి బాడుగలు, కుర్రాడి జీతం, హమాలీ, రవాణా కలిపి 3 లక్షల 60 వేలు, సీసీ వడ్డీ 2 లక్షల 20 వేలు పోతే 6 లక్షల 20 వేలు నిలిచింది. ఇంటి ఖర్చు 4 లక్షల 80 వేలు. అంటే వంద రూపాయల సరుకు అమ్మితే, అన్నీ పోగా మీ చేతిలో నిలిచేది రూపాయీ చిల్లర. ఏడాదికి లక్షా 40 వేలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. (మార్జిన్ పెంచుకోవచ్చు కదా అంటారేమో. 45 కేజీల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ ధర మీ చేతిలో లేదు, ప్రభుత్వం నిర్ణయించింది. పెంచుకునే వీలున్నది మందుల్లో, విత్తనాల్లో. అక్కడేమో పక్క అంగడితో పోటీ.)

ఇక కరెంట్ రేషియో. ఏడాది లోపల మీకు వచ్చే డబ్బు ఎంత, ఏడాది లోపల మీరు కట్టాల్సింది ఎంత అని చూసే లెక్క ఇది. మీ బ్యాలెన్స్ షీట్‌లో సరుకు 16 లక్షలు, రైతుల దగ్గర అరువు 26 లక్షలు, చేతిలో లక్ష. మొత్తం 43 లక్షలు. కట్టాల్సింది సీసీ 20 లక్షలు, కంపెనీల డీలర్లకు 8 లక్షలు, మొత్తం 28 లక్షలు. సీసీని ఏటా రెన్యూవల్ చేయాలి కాబట్టి దాన్నీ ఏడాది అప్పుగానే లెక్కేస్తారు. 43ను 28తో భాగిస్తే 1.54. బ్యాంకులు మామూలుగా 1.33 ఉంటే చాలంటాయి. కాగితం మీద మీ ఆడిటర్ చెప్పింది నిజమే.

కాకపోతే ఆ 26 లక్షల్లో ఎవరెవరు ఎంతకాలంగా బాకీ ఉన్నారో మీరే పక్కన పెన్సిల్‌తో రాసి పంపారు. 12 లక్షలు రెండు పంటల కిందటివి. శెనక్కాయ దెబ్బతిన్న ఏడాది ఇచ్చిన అరువు. ఆ రైతు మంచివాడే, చేతికొస్తే ఇస్తాడు, కాదనను. కానీ ఈ ఏడాది లోపల వస్తుందని బల్లగుద్ది చెప్పగలరా? చెప్పలేకపోతే అది కరెంట్ ఆస్తి కాదు. తీసేసి చూడండి. 31 లక్షలు, 28తో భాగిస్తే 1.11. మీ అంగడి నిజంగా నడుస్తున్నది ఈ అంకె మీద. కట్టాల్సిన ప్రతి వంద రూపాయలకూ మీకు వచ్చేది 111, అదీ సరుకంతా అమ్ముడుపోయి, కొత్త అరువంతా వసూలైతే. ఇప్పుడు సైటు కొన్నారనుకుందాం. సైటు ఏడాదిలో డబ్బుగా మారేది కాదు, కాబట్టి పైన 31 లక్షలే ఉంటుంది. కింద మాత్రం సీసీ 5 లక్షలు, ప్రోనోటు మీద తెచ్చిన 10 లక్షలు కలిసి 43 లక్షలవుతుంది. ఆ ప్రోనోటు అప్పు ఆయన ఎప్పుడు అడిగితే అప్పుడు కట్టాల్సిందే. రేషియో 0.72. అంటే వంద కట్టాల్సిన చోట 72 మాత్రమే ఉందన్నమాట.

లివరేజ్ ఇంకా తేలిక. వ్యాపారంలో మీ సొంత రూపాయి ఒకటి ఉంటే, పక్కన ఎదుటివాళ్ల రూపాయలు ఎన్ని ఉన్నాయి అన్నదే లివరేజ్. ఆడిటర్ కాగితంలో మీ సొంత పెట్టుబడి 18 లక్షలు, అప్పు 28 లక్షలు. మీ రూపాయికి ఎదుటివాళ్ల రూపాయిన్నర. ఫరవాలేదు. రాని బాకీ 12 లక్షలు తీసేస్తే మీ సొంతం 6 లక్షలే. అప్పుడు మీ రూపాయికి ఎదుటివాళ్లది నాలుగున్నర పైన. సైటు కొంటే ఏడు రూపాయలు దాటుతుంది. అప్పటికి మీ సరుకు, కొత్త అరువు కలిపి 30 లక్షలు. అందులో ఐదో వంతు పోయినా మీ సొంతం సున్నా. జూన్, జూలైలో విత్తనం వేసి, ఆగస్టులో వాన మొహం చాటేస్తే ఐదో వంతు పోవడం ఎంతసేపు? మీ తాలూకాలో మీకు నేను చెప్పాలా!

ఇక వడ్డీ. రెండు రూపాయలంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది. ఏడాదికి నూటికి 24. పది లక్షల మీద 2 లక్షల 40 వేలు, సీసీ 5 లక్షల మీద ఇంకో 55 వేలు. కలిపి 2 లక్షల 95 వేలు. మీకు ఏడాదికి మిగిలేది లక్షా 40 వేలు. మిగతా లక్షా 55 వేలు ఎక్కడినుంచి తెస్తారు? కొత్త అమ్మకాలతో పూడుస్తానంటే, నూటికి పది మార్జిన్ మీద ఇంకో పదిహేనున్నర లక్షల సరుకు అమ్మాలి, అది కూడా అరువుకే పోతుంది. సైటు కొన్నంత మాత్రాన గోడౌన్ బాడుగ ఆగదు, కట్టడానికి మళ్లీ డబ్బు కావాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. నూటికి పది మిగిలే వ్యాపారంలోకి నూటికి 24 వడ్డీ డబ్బు తేవడమేంటండీ? ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను, చెప్పేకొద్దీ విసుగొస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. సీసీ మీకు అవసరానికి ఆదుకుంటుందా? లిమిట్ 20 లక్షలని రాసినంత మాత్రాన అంతా వాడుకోవచ్చని కాదు. సరుకులోంచి డీలర్లకు ఇవ్వాల్సింది తీసేసి, అరువు కలిపి, దాంట్లోంచి బ్యాంకు తన మార్జిన్ పట్టుకుని, మిగిలినంత వరకే తీసుకోనిస్తుంది. దీన్ని డ్రాయింగ్ పవర్ అంటారు. (ఇక్కడ మార్జిన్ అంటే లాభం కాదు, మీరు సొంతంగా పెట్టాల్సిన వాటా. ఒకే మాటకు రెండర్థాలు, ఏం చేస్తాం.) సాధారణంగా 90 రోజులు దాటిన అరువును బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. మీరేమో నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో పాత బాకీలు కూడా కలిపేస్తున్నారు, అందుకే లిమిట్ పెంచడానికి వాళ్లు ముందుకొచ్చారు. అవి తీసేస్తే, మిగిలిన 14 లక్షలూ కొత్తవే అనుకున్నా, పాతిక శాతం మార్జిన్ పోగా మీకు రావాల్సింది 16 లక్షల 50 వేలే. మీరు వాడింది 20. ఆ స్టేట్‌మెంట్ ఇకనుంచి సరిగ్గా రాయండి. అలా దాటి ఉండటం 90 రోజులు వరసగా నడిస్తే మీ ఖాతాను బ్యాంకు ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, కింద రాసేస్తుంది.

వాన రాని ఏడాది ఏమవుతుందో చూడండి. ఆ 14 లక్షల్లో సగం 90 రోజులు దాటితే డ్రాయింగ్ పవర్ ఇంకో 5 లక్షల పైన తగ్గుతుంది. అంటే మీకు డబ్బు అవసరమైన నెలలోనే సీసీ కుదించుకుపోతుంది. రైతు ఇంట్లో పంట పోయినందుకే మీ ఇంట్లో డబ్బు ఆగింది, అందుకే బ్యాంకూ చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడింటికీ కారణం ఒకటే. అందుకే అత్యవసర నిధి సీసీకి బయట ఉండాలి.

జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు చాలదు, ఒక ఖరీఫ్ పోతే వసూళ్లకు మళ్లీ ఖరీఫ్ దాకా ఆగాలి. ఇంటి ఖర్చు 12 నెలలకు 4 లక్షల 80 వేలు, సీసీ వడ్డీ ఆరు నెలలకు లక్షా 10 వేలు. ఆరు లక్షలు పెట్టుకోండి. దాన్ని మీ సీసీ ఉన్న బ్యాంకులో మీ పేరున ఉంచవద్దు, బాకీ కింద జమ చేసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. వేరే బ్యాంకులో మీ ఆవిడ పేరున లక్ష లక్షగా ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి, అవసరమైనప్పుడు ఒక్కటే విరగ్గొట్టొచ్చు. సీజన్‌లో సరుకు చవగ్గా వచ్చిందని అందులో చెయ్యి పెట్టారో, అది అత్యవసర నిధి కాదు, ఇంకో గల్లాపెట్టె.

ఆ ఆరు లక్షలు పాత బాకీల్లోంచే తేవాలి. నవంబరులో శెనక్కాయ ఇళ్లకు చేరగానే పాత 12 లక్షల పట్టిక పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లండి. వడ్డీ వదిలేస్తాను, అసలు రెండు విడతల్లో ఇవ్వమనండి. ఇవ్వలేనివాళ్ల చేత కనీసం బాకీ ఉన్నట్టు తేదీ వేసి సంతకం తీసుకోండి, మూడేళ్లు దాటితే కోర్టుకు పోయినా చెల్లదు. రెండు పంటల్లో 7 లక్షలు వచ్చినా, సగం సీసీలో వేస్తే అది 16 లక్షల 50 వేలకు దిగుతుంది, సగం నిధిలోకి పోతుంది. దానికి ఏటా మిగిలే లక్షా 40 వేలు కలపండి. రెండేళ్లలో ఆరు లక్షలు దాటుతుంది.

మిగతావి ఒక్కొక్క మాటలో. మీ పేరున 75 లక్షల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ. గోడౌన్ సరుకుకు అగ్ని ప్రమాద బీమా బ్యాంకు అడిగినంత కాదు, సరుకున్నంత. రెండేళ్ల తర్వాత సైటు మీద ఇంకా మనసుంటే, మూడో వంతు సొంత డబ్బు పెట్టి మిగతాది ఏడేళ్ల టర్మ్ లోన్‌లో తీసుకోండి, సీసీలోంచి కాదు.

ఇచ్చిన అడ్వాన్సు తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. ఆ 10 లక్షల ప్రోనోటుకు నెల వడ్డీ 20 వేలు, మీ 50 వేలు రెండున్నర నెలల వడ్డీ.