నోట్స్ ఫోటోల నుంచి రివిజన్ ప్లాన్: ముందు ఎన్ని కార్డులు పడతాయో చూసుకోండి

ప్రశ్న: ఫిజిక్స్ క్లాసు నోట్స్ అంతా ఫోన్‌లో ఫోటోలుగా ఉంది, దాదాపు 90 ఫోటోలు. పరీక్షకు సరిగ్గా నెల ఉంది. అన్నీ టైప్ చేసుకోవాలా? ఏది ముందు చదవాలో, ఎన్ని రోజులకోసారి తిరగేయాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

టైప్ చేయకండి, దానికే సగం నెల పోతుంది. ఫోటోలను తీసిన తేదీల వరుసలో ఒక ఫోల్డర్లో పెట్టి, 1 నుంచి 90 దాకా నంబర్లు ఇస్తే చాలు.

ఆ ఫోటోల నుంచి ముందు ప్రశ్న, వెనుక జవాబు ఉండే కార్డులు రాసుకోవాలి. మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూసుకోండి. రోజుకు 10 కొత్త కార్డులు రాస్తారనుకుందాం. ఒక్కో కార్డును రాసిన మర్నాడు, ఆ తర్వాత 3 రోజులకు, ఆపైన 7 రోజులకు, పరీక్షలోగా వీలుపడితే చివరగా 16 రోజులకు చూడాలి. కొన్నాళ్లు గడిచేసరికి రోజూ 10 కొత్తవి, 30 పాతవి చేతిలో ఉంటాయి. రాయడానికి ఇరవై నిమిషాలు, పాతవాటికి పదిహేను నిమిషాలు పడుతుంది. మొదటి రెండు రోజులు జాబితాకు, చివరి పది రోజులు పాతవాటికే వదిలేస్తే కొత్త కార్డులకు మిగిలేది 18 రోజులు, అంటే 180 కార్డులు. ఫోటోకు సగటున రెండే. మొదటి ఫోటో నుంచి వరుసగా రాసుకుంటూ పోయేవాళ్లు సగం సిలబస్ దగ్గర ఆగిపోయేది ఇందుకే.

అందుకని ముందు జాబితా. ఒక కాగితం మీద ఫోటో నంబరు, అందులోని అంశం పేరు రాయండి. ఫోటోను పెద్దది చేసి చదవకముందే, ఆ అంశం గురించి గుర్తున్నది చిత్తు కాగితం మీద రెండు నిమిషాలు రాసి, అప్పుడు ఫోటోతో సరిచూసుకోండి. ఏమీ రాకపోతే 2 మార్కులు వేసుకోండి, సగం వస్తే 1, పూర్తిగా వస్తే 0. ముందే చూస్తే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, మార్కులన్నీ సున్నాలే పడతాయి. పక్కన పాత ప్రశ్నపత్రాల్లో ఆ అంశం ఎంత తరచుగా వచ్చిందో చూసి 1 నుంచి 3 దాకా బరువు వేసి, రెండింటినీ గుణించండి. వచ్చిన అంకె ఎక్కువున్న అంశానికి ముందు కార్డులు రాయండి.

కాంతి పాఠమే చూద్దాం. కటక సూత్రానికి బరువు 3, గుర్తులేదు కాబట్టి 2, మొత్తం 6. కటక సామర్థ్యానికి 2 × 1 = 2. పరావర్తన నియమాలకు 3 × 0 = 0, అంటే ఎంత ముఖ్యమైనా దానికి కార్డు అక్కర్లేదు. ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది. సంజ్ఞా సంప్రదాయాన్ని విడిగా అడిగేది తక్కువ, కాబట్టి దాని అంకె చిన్నదే వస్తుంది. కానీ అది రాకపోతే కటకం లెక్కలన్నీ తప్పుతాయి. ఇలా వేరే అంశానికి ఆధారమైనదాన్ని అంకె చూడకుండా ముందుకు తెచ్చేయండి.

కార్డు రాసేటప్పుడు అసలు చిక్కు ఫోటోలోనే ఉంటుంది. స్కాన్ యాప్‌లో నలుపు-తెలుపు ఫిల్టర్ వేస్తే పెన్సిల్ గీతలు, సన్నటి మైనస్ గుర్తులు ఎగిరిపోతాయి. రంగు ఫోటోనే ఉంచుకోండి. కటక సూత్రం 1/f = 1/v − 1/u. అందులో మైనస్ ఎగిరిపోయి, అక్కడ ప్లస్ ఉందనుకుని రాసుకున్నారనుకోండి. f = 20 సెం.మీ. ఉన్న కుంభాకార కటకం ముందు 30 సెం.మీ. దూరంలో వస్తువు ఉంటే, u = −30 కాబట్టి v = 60 రావాలి. ప్లస్ పెట్టి చేస్తే 12 వస్తుంది. వస్తువు f కి, 2f కి మధ్య ఉన్నప్పుడు ప్రతిబింబం 2f అవతల, అంటే 40 దాటి పడాలి, కాబట్టి 12 తప్పని అక్కడే తెలిసిపోతుంది. సూత్రం ఉన్న ప్రతి కార్డునూ ఇలా ఒక లెక్కతోనో, పాఠ్యపుస్తకంతోనో సరిచూడండి. తప్పు కార్డును నాలుగుసార్లు తిరగేస్తే ఆ తప్పే గట్టిగా నాటుకుంటుంది.

ఒక కార్డుకు ఒకే ప్రశ్న. "కటకాల గురించి రాయండి" అని రాస్తే సగం చెప్పి వచ్చేసిందనుకుంటారు. "కుంభాకార కటకం f కు ప్లస్ గుర్తా, మైనస్ గుర్తా?" అంటే వచ్చిందో లేదో వెంటనే తేలుతుంది. వెనుక జవాబుతో పాటు ఫోటో నంబరు వేయండి. పటాలైతే ఫోటోలోనే పేర్లు కప్పేసి మీకు మీరే ప్రశ్న వేసుకోవచ్చు, అంకీ అనే కార్డుల యాప్‌లో దీనికి Image Occlusion అనే సౌకర్యం ఉంది. ఉత్పాదనలకు మాత్రం కార్డు పనికిరాదు. అవే తేదీల్లో తెల్లకాగితం మీద మొదటి నుంచీ రాయాల్సిందే.

జవాబు రాని కార్డు మళ్లీ మర్నాటి కట్టలోకి వెళ్తుంది. చివర్లో రాసినవాటికి 7 రోజుల విరామం పరీక్ష దాటిపోతుంది కాబట్టి దాన్ని 4కు తగ్గించండి. రెండు రోజులు తప్పి పాతవి పేరుకుపోతే, ఆ కట్ట తీరేదాకా కొత్త కార్డులు ఆపేసి, అంకె ఎక్కువున్న అంశాల నుంచి మొదలుపెట్టండి. ఆ రోజు చూడాల్సినవాటిలో నాలుగోవంతు కన్నా ఎక్కువ రోజూ తప్పుతుంటే విరామాలు తగ్గించకండి, ముందు ఆ కార్డులను విడగొట్టి చూడండి. చాలావరకు ఒకే కార్డులో రెండు మూడు ప్రశ్నలు ఇరికించి ఉంటారు.