చార్ట్ సంగతి తర్వాత, ముందు మీ బాబు సంగతి

"నేను మూడో తరగతి టీచర్‌ని. మా బాబు కూడా నా క్లాసులోనే ఉన్నాడు. గోడ మీద 34 మంది పేర్లతో స్టార్ చార్ట్ పెట్టాను. బుద్ధిగా ఉంటే స్టార్ అంటిస్తాను, అల్లరి చేస్తే పీకేస్తాను. అందరికన్నా తక్కువ స్టార్లు మావాడికే. పిలవకుండానే జవాబులు అరిచేస్తాడు. సొంత కొడుకని వదిలేసిందని ఎవరూ అనకూడదని వాడి దగ్గర ఇంకాస్త కచ్చితంగా ఉంటాను. ఈమధ్య బడి రోజుల్లో పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. మొన్న రాత్రి ఇంట్లో డైరీ తెచ్చి 'టీచర్, సంతకం' అన్నాడు. నాకు అదోలా అయిపోయింది. స్టార్లు తీసేసి స్మైలీలు పెడితే నయమా? లేక వాణ్ణి వేరే సెక్షన్‌కి మార్చేయనా?"

స్టార్లయినా స్మైలీలయినా ఒకటేనమ్మా. ఆ ప్రశ్న పక్కన పెట్టేయండి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది 'టీచర్, సంతకం' అన్న మాట. వాడు వెటకారం చేయలేదు. బడిలో మీరు వాడికి అమ్మ కారని మీరే నేర్పారు, వాడు ఆ పాఠాన్ని ఇంటిదాకా తెచ్చుకున్నాడు, అంతే.

'ఎవరూ అనకూడదు' అన్నారు చూడండి, అసలు చిక్కంతా అక్కడుంది. మీ మీద మాట పడకుండా ఉండటానికి అయ్యే ఖర్చు ఎనిమిదేళ్ల పిల్లవాడు కడుతున్నాడు. సొంత బిడ్డని అందరికన్నా ఎక్కువ దండిస్తే అది నిష్పక్షపాతం కాదు, అదీ పక్షపాతమే. పక్కింటి పిల్లవాడు పిలవకముందే జవాబు అరిస్తే ఎన్నిసార్లు స్టార్ పీకారో గుర్తు చేసుకోండి. బిడ్డ పరువు తీసి మన పరువు నిలబెట్టుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

చార్ట్ విషయానికొస్తే, రేపు బడి వదిలాక దాన్ని తీసేయండి. ప్రకటనలూ, ఉపన్యాసాలూ వద్దు. పిల్లలు అడిగితే 'గోడ మీద మీ బొమ్మలు పెడదామని తీశాను' అనండి, నిజంగానే పెట్టండి. పైవరసలో ఉన్న పిల్లలకి ఆ చార్ట్ అవసరమే లేదు, అది లేకపోయినా వాళ్లు కుదురుగానే ఉంటారు. కిందవరసలో ఉన్నవాడికి రెండు వారాలు తిరిగేసరికి ఇక అందుకోలేనని అర్థమైపోతుంది, ఆ తర్వాత కష్టపడటానికి కారణమే కనిపించదు. ఇక పీకేయడం గురించి. పొద్దున ఒక మంచి పనికి ఇచ్చిన స్టార్‌ని మధ్యాహ్నం అల్లరికి లాగేసుకుంటే, పొద్దున చేసిన మంచి పని కూడా చెరిగిపోయినట్టే. సంపాదించుకున్నది పిల్లవాడిదే, దాని జోలికి పోకూడదు.

వాడి అల్లరి గాలికి వదిలేయమనడం లేదు. గోడ బదులు ఒక చిన్న కార్డు వాడండి. అరచేతిలో పట్టేంత, వాడి పుస్తకంలో ఉండేది, మీరూ వాడూ తప్ప క్లాసులో ఇంకెవరూ చూడనిది. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు క్లాసులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకీ ఇవ్వండి. ముందు నాలుగు రోజులు ఏమీ అనకుండా లెక్క మాత్రం పెట్టండి. మొదటి బెల్లు నుంచి ఇంటర్వెల్ దాకా ఎన్నిసార్లు అరిచాడు? తొమ్మిదిసార్లు అనుకుందాం. 'రేపటి నుంచి ఒక్కసారీ అరవకూడదు' అంటే మొదటి పది నిమిషాల్లోనే ఓడిపోతాడు, మిగతా రోజంతా పోగొట్టుకునేదేమీ ఉండదు. ఆరు దాటకూడదని పెట్టండి. అయిదు రోజుల్లో నాలుగు రోజులు గెలిస్తే నాలుగుకి దించండి. వరసగా రెండు రోజులు తప్పితే మీరు పెట్టిన గీత బాగాలేదని అర్థం, మళ్లీ సులువు చేయండి.

కార్డు మీద 'బుద్ధిగా ఉండాలి' అని రాయకండి, బుద్ధి కంటికి కనపడదు. 'చెయ్యి ఎత్తి, పేరు పిలిచాక జవాబు చెప్తాను' అని రాయండి. అది చేశాడో లేదో వాడికీ తెలుస్తుంది, వాదన ఉండదు. రోజుని మూడు ముక్కలు చేయండి: ఇంటర్వెల్ ముందు, తర్వాత, లంచ్ తర్వాత. మొదటి ముక్క పోయినా ఇంకా రెండు చేతిలో ఉంటాయి.

మామూలుగా ఇలాంటి కార్డు టీచర్ నింపితే అమ్మానాన్నలు ఇంట్లో చూస్తారు. మీ ఇంట్లో రెండూ మీరే కాబట్టి సాయంత్రం దాన్ని వాళ్ల నాన్న చూడాలి, మీరు కాదు. గెలిచిన రోజున ఏం కావాలో వాడూ నాన్నా మాట్లాడుకుంటారు. ఓ అరగంట ఆట చాలు, కొనాల్సిందేమీ లేదు. ఓడిన రోజు 'సరే, రేపు చూద్దాం' తప్ప ఇంకో మాట ఉండకూడదు. బడి వదిలాక బడి సంగతి మీ నోట రాకూడదు. కష్టమే, తెలుసు.

మందలించాల్సి వచ్చినప్పుడు బెంచీ దగ్గరికి వెళ్లి వాడికి మాత్రమే వినపడేలా చెప్పండి. 1970లో అమెరికాలో కొన్ని క్లాసుల్లో దీన్ని పరీక్షించి చూశారు. అందరికీ వినపడేలా గద్దించినప్పటికంటే, ఆ పిల్లవాడికి మాత్రమే వినపడేలా చెప్పినప్పుడు చాలామందిలో అల్లరి తగ్గింది. గట్టిగా అరిస్తే క్లాసంతా వాడివైపు తిరుగుతుంది. కొందరు పిల్లలకి అదే కావాలి, కొందరికి అదే శిక్ష.

ఇక మెచ్చుకోవడం. మీరు 'చూడండి, తనెంత చక్కగా కూర్చుందో' అంటారనుకుంటా, మనందరం అనేదే. అది ఒకరికి మెప్పు, మిగతా 33 మందికి దెప్పు. మా చిన్నప్పుడు ఒక టీచర్ రోజూ నన్ను చూపించి పక్క పిల్లని తిట్టేది. ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేసింది, ఆ మెచ్చుకోలు నాకేం సుఖం? ఇంకోటి, మెప్పుకి తోక తగిలించడం. 'ఈరోజు బాగా రాశావు, రోజూ ఇలా ఏడిస్తే ఎంత బాగుండు' అంటే పిల్లవాడి చెవిలో మిగిలేది రెండో సగమే. మొదటి సగం దగ్గర ఆపండి.

'తెలివైనవాడివి' అన్నదీ తగ్గించండి. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అయిదో తరగతి పిల్లలకి బొమ్మల పజిల్స్ ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లన్నారు, కొందరిని బాగా కష్టపడ్డారన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తర్వాత కష్టమైనవి ఇచ్చి, వచ్చిన మార్కులు ముఖం కూడా తెలియని వేరే పిల్లలకి రాయమంటే, తెలివైనవాళ్లు అనిపించుకున్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఎక్కువ వేసి రాశారు. కష్టాన్ని మెచ్చుకున్న గుంపులో అలా రాసినవాళ్లు చాలా తక్కువ. బిరుదు ఇస్తే దాన్ని కాపాడుకోవాలనే టెన్షన్ కూడా ఇచ్చినట్టే. అందుకని చేసిన పని చెప్పండి: 'జవాబు తెలిసినా ఆగి చెయ్యి ఎత్తావు, చూశాను.' అది కూడా వాడి బెంచీ దగ్గర, మెల్లగా. నలుగురిలో పొగడ్త కూడా కొందరు పిల్లలకి ఇబ్బందే.

కడుపునొప్పి నాటకమని తీసిపారేయకుండా ఒకసారి డాక్టర్‌కి చూపించండి. కార్డు నాలుగు వారాలు వాడినా మార్పు లేకపోతే వాడికి బోర్డు కనపడుతోందా, పాఠం మరీ సులువైపోయి విసుగొస్తోందా అన్నది చూడాలి. దారిలో పడితే రోజూ కాకుండా వారానికి రెండు రోజులు, తర్వాత ఒకరోజు చేసి మానేయండి. వాడే కార్డు అడగడం మర్చిపోతే మరీ మంచిది.

సెక్షన్ మార్పు వచ్చే ఏడాది తప్పకుండా చేయండి. ఇప్పుడు మధ్యలో మారిస్తే మాత్రం అమ్మ నన్ను తన క్లాసులోంచి వెళ్లగొట్టింది అనే అనుకుంటాడు.

ఇంట్లో మళ్లీ 'టీచర్' అని పిలిస్తే దిద్దకండి, ఏడవకండి. 'ఏం నాన్నా' అని పలకండి, సంతకం వాళ్ల నాన్న పెడతారు.