వర్గ సమీకరణం సాధనలో మొదట తప్పిన వరుసను ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. వర్గ సమీకరణాల లెక్కలు పేజీ నిండా చేస్తుంది కానీ చివరి జవాబు పుస్తకంలోని దానితో కలవదు. మళ్లీ చేయమంటే మళ్లీ అదే తప్పు జవాబు వస్తుంది. నేను లెక్కలు వదిలేసి ఇరవై ఏళ్లయింది. ఆమె రాసినదాంట్లో మొదట ఎక్కడ తప్పిందో నేనే కనుక్కోవడం ఎలా?

జవాబు:

నేను నల్లకుంటలో మా ఇంటి ముందు గదిలోనే కొన్నేళ్లుగా పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నిరుడు ఒక అమ్మాయి సరిగ్గా మీరు చెప్పినలాంటి పేజీనే తెచ్చింది. నేను మొదట దానిని తప్పుగా దిద్దాను కూడా, కనుక ఆ పేజీనే మీ ముందు పెడతాను. ఆమె రాసిన వరుసలు ఇవి. అంకెలు నేను పెన్సిలుతో వేసుకున్నవి, చదరపు బ్రాకెట్లు ఆమె గీసిన భాగహారపు గీత ఎంత దూరం వెళ్లిందో చూపడానికి నేను పెట్టినవి.

```
1)  (x − 2)(2x + 1) = 12
2)  2x² + x − 4x − 2 = 12
3)  2x² − 3x − 14 = 0
4)  a = 2, b = −3, c = −14
5)  x = [3 ± √(−3² − 4·2·(−14))] / 4
6)  x = [3 ± √(−9 + 112)] / 4
7)  x = 3 ± √103 / 4
```

పుస్తకంలోని జవాబు 7/2, −2. ముందుగా ఆ జవాబులను మొదటి వరుసలో ప్రతిక్షేపించి చూడండి, ఎందుకంటే పుస్తకంలో అచ్చుతప్పు ఉండవచ్చు, లేదా పిల్ల లెక్కనే తప్పుగా ఎక్కించుకుని ఉండవచ్చు. x = −2 అయితే (−4)(−3) = 12, సరిపోయింది. x = 7/2 అయితే (3/2)(8) = 12, అదీ సరిపోయింది. అంటే లెక్క సరిగానే ఎక్కింది, జవాబు కూడా సరైనదే.

ఇక మూలాలు చేతిలో ఉన్నాయి కాబట్టి ప్రతి గుణకారాన్నీ మీరు మళ్లీ చేయనక్కరలేదు. సమీకరణం రూపంలో ఉన్న ఏ వరుసలోనైనా నిజమైన మూలాలు ఇమడాలి. ఇమడకపోతే ఆ వరుసకు, దానికి పైన సరిపోయిన వరుసకు మధ్యలో తప్పు జరిగినట్టు. నేను సాధారణంగా నడిమి వరుసతో మొదలుపెడతాను. ఇక్కడ మూడో వరుసలో x = −2 పెడితే 8 + 6 − 14 = 0, x = 7/2 పెడితే 24.5 − 10.5 − 14 = 0. రెండూ ఇమిడాయి కనుక పై సగాన్ని పక్కన పెట్టవచ్చు. రెండు తప్పులు ఒకదానినొకటి కొట్టేసుకుని వరుస సరిగా కనిపించే అవకాశం లేకపోలేదు గానీ, నా అనుభవంలో అది బహు అరుదు.

రెండు మూలాలనూ పెట్టి చూడడం తప్పనిసరి. −2 ఒక్కదానితో చూస్తే 2x² + x − 6 = 0 అనే వేరే సమీకరణం కూడా సరైనదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే 8 − 2 − 6 కూడా సున్నాయే. రెండు మూలాలూ ఇమిడితే మాత్రం అది అదే సమీకరణం, మహా అయితే మొత్తాన్ని ఏదో ఒక సంఖ్యతో హెచ్చవేసి ఉంటుంది. 3x² = 12x లాంటి లెక్కలో పిల్లలు ఇరువైపులా 3x తో భాగించి x = 4 అని ఆపేస్తారు; అక్కడ 4 అన్ని వరుసల్లోనూ ఇముడుతుంది, మాయమైపోయిన మూలం 0 పెట్టి చూస్తేనే తప్పు బయటపడుతుంది.

నాలుగో వరుస కేవలం గుణకాలను చూసి రాసుకోవడమే, అది సరిగానే ఉంది. ఐదో వరుస నుంచి x విడిగా ఒక పక్కకు వచ్చేసింది కాబట్టి ప్రతిక్షేపణ పని చేయదు. ఇక వరుస విలువను లెక్కించాలి. ప్లస్ గుర్తు తీసుకుంటే ప్రతి వరుస విలువా 3.5 రావాలి. ఆరో వరుసలో √103 సుమారు 10.15 కాబట్టి విలువ 3.29 దగ్గర ఆగుతోంది. అది చూసి నేను ఆరో వరుసలోని −9 కింద ఎర్రగీత గీసి, 9 అని దిద్ది పంపించాను. నేను చేసిన పొరపాటు అదే. రెండు రోజుల తరువాత ఆమె మరో లెక్కలో అచ్చం అదే తప్పుతో వచ్చి, తన తప్పేమీ లేదన్నట్టు చూపించింది: "మైనస్ మూడు స్క్వేర్ అంటే మైనస్ తొమ్మిదే కదా సార్, ఫోన్లో కొట్టినా అదే వస్తోంది."

ఆమె మాటలో న్యాయం ఉంది. బ్రాకెట్ లేకుండా −3² అని రాస్తే గణితపు ఒప్పందం ప్రకారం ముందు 3 వర్గం, తరువాత మైనస్. కాబట్టి విలువ −9 అవుతుంది. ఆరో వరుస ఐదో వరుస నుంచి సరిగానే వచ్చింది. తప్పు ఐదో వరుసలో ఉంది: సూత్రంలోని b² స్థానంలో (−3)² రావాలి, ఆమె బ్రాకెట్ వదిలేసింది. పేజీ మీద విలువ మొదట మారిన చోటు అదే. −3 ను −3 తో గుణించమంటే ఆమె తడుముకోకుండా 9 అని చెప్పింది, అంటే గుణకారం వచ్చు, రాతలోనే లోపం. నేను ఆరో వరుస దిద్దడం వల్ల ఆమెకు అందిన సమాచారం ఏమిటంటే, సరిగా చేసిన దానిని తప్పు అన్నారని మాత్రమే.

ఇలాంటి చోట వర్గమూలం లోపలి సంఖ్య, అంటే విచక్షణి, చాలా చెబుతుంది. ఈ లెక్కకు అది 9 + 112 = 121. పిల్లకు 103 వచ్చిందంటే తేడా 18, అంటే b² కు సరిగ్గా రెట్టింపు. b² గుర్తు తిరగబడిందన్నమాట. అదే −103 వచ్చి "వాస్తవ మూలాలు లేవు" అని రాసి ఉంటే తేడా 224, అది 112 కు రెట్టింపు. అప్పుడు c లోని మైనస్‌ను మరచి −4ac ను −112 చేసిందని అర్థం. రెండింటిలోనూ కనబడే అంకెలు 103 ఒకటే, కానీ పిల్లకు చెప్పవలసింది వేరు.

ఏడో వరుసలో మరో తప్పు ఉంది, అది మొదటిదాని వల్ల వచ్చింది కాదు. భాగహారపు గీత √103 కిందనే మొదలైంది, 3 బయట మిగిలిపోయింది. ఆరో వరుస విలువ 3.29 అయితే ఏడో వరుస విలువ 5.54. మొదటి తప్పు దొరకగానే ఆపేయకుండా, ఆ తప్పును అలాగే ఉంచి కింది వరుసలు తమ పై వరుస నుంచి సరిగా వచ్చాయా అని చూస్తేనే ఇది కనబడుతుంది. లేకపోతే ఐదో వరుసలో బ్రాకెట్ పెట్టించి పంపితే ఆమె 3 ± 11/4 రాసి, 23/4 తెచ్చి చూపించేది.

చేతిరాతలో గీత ఎక్కడ మొదలైందో సందేహం వచ్చినప్పుడు నేను ఊహించను, పిల్లనే పైకి చదవమంటాను. ఆమె "మూడు ప్లస్ ఆర్ మైనస్, రూట్ నూట మూడు బై నాలుగు" అని చదివింది. ఆ మధ్యలో ఆగిన తీరును బట్టి, 3 ను కూడా 4 తో భాగించాలని ఆమె అనుకోవడం లేదని తెలిసింది. కొందరు మాత్రం "మొత్తం బై నాలుగు" అని చదువుతారు. వాళ్లకు గీతను ఎడమవైపుకు పొడిగించమంటే చాలు.