బ్రౌన్ బ్రెడ్ నిజంగా గోధుమదేనా?

“నాన్నగారికి షుగర్. గోధుమ బ్రెడ్ అని బ్రౌన్ బ్రెడ్ తెస్తున్నాం. రంగు చూసి నమ్మొచ్చా?”

రంగును అస్సలు నమ్మకండి అండీ. మైదా బ్రెడ్‌లో కాస్త కారామెల్ రంగు కలిపినా గోధుమ రంగు వచ్చేస్తుంది. లేబుల్ మీద అది ఐఎన్‌ఎస్ 150ఎ, 150సి, 150డి లాంటి నంబర్లతో ఉంటుంది.

ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలని నియమం. ఉదాహరణకు ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ 48 శాతం, నీళ్లు, హోల్ వీట్ ఫ్లోర్ 12 శాతం’ అని ఉందనుకోండి. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అంటే మైదాయే. మొత్తం పిండి 60, అందులో అసలైన గోధుమపిండి 12, అంటే ఐదో వంతే. ముందు వైపు గోధుమ కంకి బొమ్మ మాత్రం పెద్దదే! ‘హోల్’ లేకుండా ‘వీట్ ఫ్లోర్’ అని మాత్రమే ఉన్నా అనుమానించాల్సిందే. మల్టీగ్రెయిన్ కూడా ఇదే కథ, పైన చల్లిన గింజలు చూసి మోసపోవద్దు.

మీకు కావలసింది ‘హోల్ వీట్ ఫ్లోర్’ లేదా ‘ఆటా’ మొదట ఉండి, జాబితాలో మైదా ఎక్కడా లేనిది. గ్లూటెన్ కలిపారని ఉంటే కంగారు పడకండి, ముతక పిండి పొంగడానికి వేస్తారు. పీచు అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు, మైదాలో తవుడు కలిపినా అది పెరుగుతుంది.

అసలైనదైనా షుగర్ పెంచుతుంది కాబట్టి ఎన్ని ముక్కలో డాక్టర్‌ని అడగండి.